సీరియల్ మధ్యలో మూసుకుపోయే యాప్: రిమోట్‌తో మనమే చేసుకునే మరమ్మతు

రాత్రి భోజనాలయ్యాక టీవీ పెడతారు. యాప్ తెరుచుకుంటుంది, సీరియల్ మొదలవుతుంది, మొదటి ప్రకటన రాగానే తెర ఒక్కసారి నల్లబడి మళ్లీ మొదటి పేజీకి వచ్చేస్తుంది. ఇంకోసారి తెరిస్తే ఈసారి ఫోన్ నంబరు అడుగుతుంది. నిన్ననే కదా లాగిన్ అయ్యాం అనుకుంటూ మళ్లీ నంబరు కొడతారు, ఓటీపీ కొడతారు, మర్నాడు మళ్లీ అదే కథ. స్మార్ట్ టీవీ ఉన్న ఇళ్లలో ఇది ఇప్పుడు బాగా వినిపిస్తున్న ఫిర్యాదు. ముందు నెట్‌ను తిడతారు, తర్వాత టీవీ పాడైందంటారు, చివరికి మెకానిక్‌ను పిలుస్తారు. నిజానికి చాలా సందర్భాల్లో ఈ జబ్బుకు మందు రిమోట్‌లోనే ఉంది. అయితే ఏ బటన్ ముందు నొక్కాలో, ఏది చివరికి నొక్కాలో తెలియాలి. వరస తప్పితే ఉన్న ఇబ్బంది పోకపోగా కొత్త ఇబ్బంది వచ్చి పడుతుంది.

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీల గురించే ఇక్కడ వివరంగా చెబుతాను. కంపెనీ ఏదైనా లోపల నడిచేది ఇదే అయితే మెనూలు దాదాపు ఒకేలా ఉంటాయి.

ముందు టీవీ లోపల ఏముందో చూడాలి. చేతిలో ఉన్న ఫోన్‌లో స్టోరేజీ 128 జీబీ ఉండడం ఇవాళ మామూలే. గోడకున్న 43 అంగుళాల టీవీలో మాత్రం చాలాసార్లు 8 జీబీయే ఉంటుంది. అందులో దాదాపు సగం టీవీ తన సొంత వ్యవస్థకే వాడుకుంటుంది. మిగిలిన నాలుగైదు జీబీల్లో మనం వేసుకున్న యాప్‌లన్నీ సర్దుకోవాలి. యాప్‌లు నడిచేటప్పుడు వాడుకునే ర్యామ్ కూడా తక్కువే. చాలా టీవీల్లో ఒక జీబీ, కొంచెం మంచివాటిలో రెండు. తెర ఎంత పెద్దదైనా లోపలి గది ఇంత ఇరుకు. యాప్‌లు పడిపోవడానికి అసలు మూలం చాలాసార్లు ఈ ఇరుకే.

ఒక్కో యాప్ ఆ గదిలో మూడు రకాలుగా చోటు తీసుకుంటుంది. మొదటిది యాప్ స్వయంగా. రెండోది దాని డేటా, అంటే మీరెవరో గుర్తుపెట్టుకునే లాగిన్ వివరం, మీరు పెట్టుకున్న సెట్టింగులు. మూడోది కాష్, అంటే సినిమా పోస్టర్లూ బొమ్మలూ మళ్లీ మళ్లీ నెట్ నుంచి తెచ్చుకోకుండా దాచుకున్న తాత్కాలిక సరుకు. కాష్ వంటగట్టు మీది పోపులపెట్టె లాంటిది, ఖాళీ చేసినా మళ్లీ నింపుకోవచ్చు. డేటా బీరువాలోని కాగితాల లాంటిది, పారేస్తే మళ్లీ ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చుకోవాలి. రిమోట్‌తో తెరిచే మెనూలో ఈ రెంటికీ రెండు వేరు వేరు బటన్లు పక్కపక్కనే ఉంటాయి. తేడా తెలియక ముందే రెండోది నొక్కేసేవాళ్లు చాలామంది.

ఇంకో సంగతి. యాప్ మధ్యలో మూసుకుపోవడం ఒక జబ్బు, పదే పదే లాగౌట్ కావడం మరో జబ్బు. రెండూ ఒకేసారి రావచ్చు గానీ కారణాలు ఒకటే కానక్కర్లేదు. మూసుకుపోతుంటే చోటు చాలకపోవడం, కాష్ చెడిపోవడం, యాప్ పాతబడడం వంటివి అనుమానించాలి. లాగౌట్ అవుతుంటే వీటితోపాటు ఖాతా వైపు కూడా చూడాలి. ఇది గుర్తుంటే సగం వెతుకులాట తగ్గుతుంది.

మెనూల జోలికి పోయే ముందు రెండు చిన్న పరీక్షలు చేయండి. అదే యాప్ ఫోన్‌లో తెరిచి చూడండి. అక్కడా ఆగిపోతుంటే తప్పు ఆ కంపెనీ సర్వర్లలో ఉండొచ్చు. పెద్ద క్రికెట్ మ్యాచ్ రోజునో, కొత్త సినిమా విడుదలైన రాత్రో ఇలా జరగొచ్చు. మీ టీవీని ముట్టుకోకుండా కాసేపు ఆగడమే మేలు. తర్వాత టీవీలో వేరే యాప్ ఏదైనా ఓ పది నిమిషాలు నడిపి చూడండి. అదీ పడిపోతుంటే జబ్బు యాప్‌ది కాదు, టీవీది. ఒక్క యాపే సతాయిస్తుంటేనే దాని కాష్, దాని డేటా అంటూ వెళ్లాలి.

ఆ తర్వాత టీవీని నిజంగా ఆపండి. రిమోట్ మీద పవర్ బటన్ ఒకసారి నొక్కితే తెర ఆరిపోతుంది గానీ టీవీ ఆగదు, కునుకు తీస్తుంది. నెలల తరబడి అలా కునుకు తీస్తూ లేస్తూ ఉన్న టీవీలో ర్యామ్ ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు. చాలా టీవీల్లో పవర్ బటన్‌ను అయిదారు సెకన్లు నొక్కిపట్టుకుంటే Restart అనే మాట కనిపిస్తుంది. అది లేకపోతే Settings తెరిచి System కిందో, పాత టీవీల్లో Device Preferences లోపల About కిందో వెతికితే అదే Restart దొరుకుతుంది. ఏదీ దొరక్కపోతే గోడ దగ్గర స్విచ్ ఆపి రెండు నిమిషాలాగి వేయండి. దీంతోనే కుదుటపడే టీవీలు తక్కువేమీ కాదు.

కుదుటపడకపోతే ఏం చేయాలో తెనాలిలో మా పిన్నిగారింట్లో జరిగింది చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఆవిడకు సాయంత్రం సీరియల్ అంటే ప్రాణం. ఒక తెలుగు ఓటీటీ యాప్‌లో చూస్తారు. ప్రకటన రాగానే యాప్ మూసుకుపోతోందనీ, రోజు మార్చి రోజు లాగిన్ అడుగుతోందనీ చెప్పారు. “నెట్‌వాడిని రెండుసార్లు పిలిచాం నాన్నా, వాడేమో టీవీ మార్చుకోమన్నాడు” అన్నారు. టీవీ కొని నాలుగేళ్లు దాటింది.

ముందు స్టోరేజీ చూశాం. గూగుల్ టీవీలో పైన కుడివైపు బొమ్మ మీదికి వెళ్లి Settings, అందులో System, అందులో Storage. పాత ఆండ్రాయిడ్ టీవీలో Settings, Device Preferences, Storage. పిన్నిది పాతదే. అక్కడ Internal shared storage కింద మిగిలి ఉన్న చోటు 150 ఎంబీ కూడా లేదు. కారణం వెతికితే ఇట్టే దొరికింది. సెలవులకొచ్చిన మనవలు వేసిపోయిన రెండు కారు పందేల ఆటలు, ఎప్పుడో ఉచితంగా ఇస్తున్నారని వేసుకున్న మూడు ఓటీటీ యాప్‌లు, ఒక వార్తల యాప్. ఏదీ ఏడాదిగా తెరిచిన పాపాన పోలేదు.

ఇక్కడే అసలు ముడి ఉంది. యాప్ కంపెనీ కొత్త రూపం విడుదల చేసినప్పుడల్లా టీవీ దాన్ని తనంతట తాను దించుకుని వేసుకోవాలి. అలా వేసుకునేటప్పుడు కాసేపు పాతదానికీ కొత్తదానికీ రెంటికీ చోటుండాలి. చోటు లేకపోతే ఆ పని చడీచప్పుడూ లేకుండా ఆగిపోతుంది. టీవీలోని Play Store తెరిచి ప్రొఫైల్ బొమ్మ నొక్కి Manage apps and games చూస్తే, పిన్ని సీరియల్ యాప్‌తో సహా చాలావాటికి Update అని రాసి ఉంది. అంటే నెలలుగా ఆవిడ పాత యాప్‌నే వాడుతున్నారు. అవతల కంపెనీ సర్వర్లు, ప్రకటనలు పంపే పద్ధతి మారిపోయాయి. పాత యాప్‌కు ఆ కొత్త పద్ధతి కొరుకుడుపడక ప్రకటన దగ్గరే కూలిపోతోంది. కాష్ ఎన్నిసార్లు తుడిచినా ఇలాంటి జబ్బు పోదు. అందుకే స్టోరేజీ ముందు చూడమనడం.

ఆటలూ వాడని యాప్‌లూ తీసేశాం. Settings లో Apps, అందులో See all apps, ఒక్కో యాప్ మీద ఓకే నొక్కి Uninstall. ఒక జీబీకి దగ్గరగా చోటు దొరికింది. ఎప్పుడూ కనీసం అర జీబీ ఖాళీగా ఉండేలా చూసుకుంటే టీవీకి ఊపిరాడుతుందని నా అనుభవం.

తర్వాత సీరియల్ యాప్ దగ్గరికి వచ్చాం. అదే See all apps జాబితాలో యాప్ పేరు మీద ఓకే నొక్కితే ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులో వరసగా Open, Force stop, Uninstall, Clear data, Clear cache వంటి మాటలు ఉంటాయి. కొన్ని టీవీల్లో Clear data బదులు Clear storage అని ఉంటుంది. యాప్ ఎంత డేటా, ఎంత కాష్ దాచుకుందో కూడా అక్కడే ఎంబీల్లో చూపిస్తుంది. కాష్ వందల ఎంబీలు పేరుకుని ఉంటే అనుమానించాల్సిందే.

మొదట Force stop. హోమ్ బటన్ నొక్కి బయటికొచ్చినంత మాత్రాన యాప్ ఆగినట్టు కాదు, వెనక నడుస్తూనే ఉంటుంది. నడుస్తున్నదాన్ని పూర్తిగా ఆపేది ఈ బటనే. తర్వాత Clear cache. దీనివల్ల పోయేదేమీ లేదు, లాగిన్ అలాగే ఉంటుంది. మొదటిసారి తెరిచినప్పుడు పోస్టర్లు కాస్త నెమ్మదిగా వస్తాయి, అంతే. ఇక్కడ ఆగి యాప్ తెరిచి చూడాలి. సరిపోతే ఇంకేమీ చేయక్కర్లేదు. పిన్ని యాప్ తెరుచుకుంది గానీ ప్రకటన దగ్గర మళ్లీ పడిపోయింది.

ఇక Clear data. ఇది నొక్కితే యాప్ అప్పుడే కొత్తగా వేసుకున్నట్టు అయిపోతుంది. లాగిన్ పోతుంది, భాష ఎంపిక పోతుంది, సబ్‌టైటిళ్ల అమరిక పోతుంది. చాలామందికి ఇక్కడ భయం, కట్టిన చందా కూడా పోతుందేమోనని. పోదు. చందా మీ టీవీలో లేదు, ఆ కంపెనీ దగ్గర మీ ఖాతాలో ఉంది. తిరిగి అదే నంబరుతో, అదే ఈమెయిల్‌తో లాగిన్ అయితే చందా దానంతటదే కనిపిస్తుంది. మామూలుగా మీరు సగం చూసి వదిలేసిన ఎపిసోడ్ల జాబితా కూడా ఖాతాతోపాటే తిరిగొస్తుంది. వేరే నంబరుతో లాగిన్ అయితే మాత్రం చందా లేని కొత్త ఖాతా తయారవుతుంది, డబ్బు పోయిందని కంగారు మొదలవుతుంది. కాబట్టి Clear data నొక్కే ముందే ఆ ఖాతా ఏ నంబరు మీద ఉందో తెలుసుకోండి. సాధారణంగా యాప్ లోపలి Settings లోనో My Account లోనో ఆ వివరం ఉంటుంది. ఫోన్‌తో దాన్ని ఫొటో తీసిపెట్టుకుంటే ఇంకా మంచిది.

పిన్ని ఖాతా బెంగళూరులో ఉన్న మా తమ్ముడి నంబరు మీద ఉంది. చందా కట్టింది వాడే. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నాడు. ఓటీపీకి ఉండే గడువు కొద్ది నిమిషాలే కనుక వాడు బయటికొచ్చేదాకా ఆగి, ఫోన్ మాట్లాడుతూనే పని మొదలుపెట్టాం. ఎలాగూ మళ్లీ లాగిన్ కావాల్సిందే కదా అని ఒక్క Clear data తో సరిపెట్టకుండా, యాప్‌ను పూర్తిగా తీసేసి మళ్లీ వేయడమే మంచిదనిపించింది. Uninstall నొక్కితే యాప్‌తోపాటు దాని డేటా, కాష్ కూడా వెళ్లిపోతాయి. ఆ వెంటనే టీవీని ఒకసారి Restart చేశాం. రెంటి మధ్య ఇలా ఒకసారి పూర్తిగా ఆపి వేస్తే అరకొరగా మిగిలినవేవైనా ఉంటే సర్దుకుంటాయి.

మళ్లీ వేసుకోవడానికి తేలిక దారి రిమోట్ మీద మైకు బొమ్మ ఉన్న బటన్. అది నొక్కి యాప్ పేరు పలికితే Install తో సహా పేజీ వస్తుంది. పాత టీవీలో Play Store బొమ్మ కనిపిస్తుంది. గూగుల్ టీవీలో పైవరసలో Apps లోకి వెళ్తే వెతకడానికి చోటుంటుంది. అక్కడ కంపెనీ పేరు సరిచూసుకుని మరీ వేసుకోండి. ఎవరో పంపిన లింకు నుంచో, పెన్‌డ్రైవ్ నుంచో ఏపీకే ఫైలు ఎక్కించడం మాత్రం వద్దు. టీవీకి సరిపడని ఫోన్ యాప్ ఎక్కి మళ్లీ పడిపోవడం ఒక నష్టం, దొంగ యాప్ ఎక్కడం అంతకంటే పెద్ద నష్టం.

టీవీతోపాటే వచ్చిన యాప్ అయితే Uninstall కనిపించదు. దాని బదులు Uninstall updates అని ఉంటుంది. అది నొక్కితే టీవీ కొన్ననాటి పాత రూపానికి వెళ్తుంది. అక్కడితో ఆగిపోకూడదు. వెంటనే Play Store లో ఆ యాప్ తెరిచి Update నొక్కాలి. ఈ రెండో మెట్టు మరిచిపోయినవాళ్లే ఇంకా ఎక్కువ పాడైందని వాపోతుంటారు.

తిరిగి లాగిన్ అయ్యేటప్పుడు జాగ్రత్త కావాలి. కొన్ని యాప్‌లు తెర మీద ఒక కోడ్‌గానీ క్యూఆర్ గానీ చూపించి, ఫోన్‌లో ఫలానా చిరునామా తెరిచి కోడ్ కొట్టమంటాయి. తెర మీద చూపిన చిరునామానే అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. దాన్ని గూగుల్‌లో వెతికితే అసలుదానిలాగే కనిపించే నకిలీ పేజీలు, నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు ఎదురుకావచ్చు. యాక్టివేషన్ రుసుము కట్టమని ఎవరైనా అడిగితే అది మోసమే. టీవీలో లాగిన్ కావడానికి ఏ ఓటీటీ కంపెనీ విడిగా డబ్బు తీసుకోదు. పొరపాటున కట్టేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930 కు ఫోన్ చేయాలి. ఇక రిమోట్‌తో పొడవాటి పాస్‌వర్డు కొట్టడం పెద్దవాళ్లకు నరకం. ఫోన్‌లో గూగుల్ హోమ్ యాప్ వేసుకుని, రెండూ ఒకే వైఫై మీద ఉండేలా చూసి టీవీతో కలిపితే ఫోనే రిమోట్ అవుతుంది, ఫోన్ కీబోర్డుతోనే టైపు చేయొచ్చు.

ఆ సాయంత్రం పిన్ని సీరియల్ ప్రకటనలతో సహా చివరిదాకా నడిచింది. కానీ రెండ్రోజులకు ఫోన్ చేశారు. “మూసుకుపోవడం లేదు గానీ మళ్లీ నంబరు అడుగుతోంది నాన్నా” అని. అంటే ఒక జబ్బు పోయింది, రెండోది మిగిలింది. తమ్ముడి ఖాతాలో ఏయే పరికరాల్లో లాగిన్ అయి ఉందో చూపించే జాబితా తెరిపించాను. వాళ్లది తక్కువ చందా, కొద్ది పరికరాలకే అనుమతి. వాడి కూతురు ట్యాబ్‌లో లాగిన్ అయినప్పుడల్లా అందరికంటే ముందు లాగిన్ అయిన తెనాలి టీవీని కంపెనీ బయటికి తోసేస్తోంది. వాడని పాత ఫోన్లను ఆ జాబితాలోంచి తీసేయగానే ఆ గొడవ ఆగింది. టీవీలో ఎన్నిసార్లు Clear data కొట్టినా దొరికే కారణం కాదది.

లాగౌట్‌కు ఇంకో కారణం గడియారం. కరెంటు పోయి వచ్చాక కొన్ని టీవీలు తేదీ మరచిపోయి ఎప్పటిదో పాత ఏడాది చూపిస్తాయి. యాప్ తన సర్వర్‌తో సురక్షితంగా మాట్లాడాలంటే ఇవాళ్టి తేదీ సరిగ్గా ఉండాలి. లేకపోతే సర్వర్ చూపించే గుర్తింపు పత్రం చెల్లదని టీవీ అనుకుని సంబంధం తెంచుకుంటుంది. Settings లో Date & time కి వెళ్లి Automatic date & time నెట్ నుంచి తీసుకునేలా పెడితే చాలు. అన్ని యాప్‌లూ ఒకేసారి లాగౌట్ అయితే నేను మొట్టమొదట చూసేది ఇదే.

వీటన్నిటి తర్వాతా నయం కానివి కొన్ని ఉంటాయి. టీవీ ఆండ్రాయిడ్ బాగా పాతదై, ఆ యాప్ కంపెనీ దానికి మద్దతు ఆపేస్తే Play Store లో ఆ యాప్ అసలు కనిపించకపోవచ్చు. అందుకే పాత టీవీలో ఏ యాప్‌నైనా తీసేసే ముందు, అది Play Store లో ఇంకా దొరుకుతోందో లేదో చూసుకోవాలి. దొరక్కపోతే ఉన్నదాన్ని తీయకుండా కాష్ తుడవడంతోనే ఆగండి. అలాంటి టీవీకి ఒక స్ట్రీమింగ్ స్టిక్ కొని వెనక గుచ్చడమే చవకైన దారి. అలాగే, మీరు మార్చిన ప్రతి సెట్టింగూ టీవీ ఆపి వేయగానే పాతదానికి పోతుంటే, తీసేసిన యాప్ మళ్లీ ప్రత్యక్షమవుతుంటే, లోపలి మెమరీ చిప్పే అరిగిపోయిందని అనుమానించాలి. అది రిమోట్‌తో పోయేది కాదు, బోర్డు మార్చే పని. ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం మిగతావన్నీ అయ్యాకే. అది యాప్‌లన్నిటినీ, గూగుల్ ఖాతాను, వైఫై పాస్‌వర్డును కలిపి తుడిచేస్తుంది.

శాంసంగ్, ఎల్‌జీ టీవీల్లో ఆండ్రాయిడ్ ఉండదు గానీ దారి ఇలాంటిదే. శాంసంగ్‌లో Apps పేజీలోని గేరు బొమ్మ నొక్కి యాప్‌ను ఎంచుకుంటే Delete, Reinstall కనిపిస్తాయి. ఎల్‌జీలో యాప్‌ను తీసేసి దాని స్టోర్ నుంచి మళ్లీ వేసుకోవాలి.

ఒక్క మనవి. ఊళ్లో అమ్మానాన్నలకు టీవీ కొనిపెట్టి, చందా కట్టి, అన్నిటికీ తమ నంబరే ఇచ్చేసి బెంగళూరుకో డాలస్‌కో వెళ్లిపోయిన పిల్లలు చాలామంది ఉన్నారు. అర్ధరాత్రి మీరు నిద్రలో ఉంటే ఇక్కడ ఓటీపీ కోసం ఎదురుచూస్తూ వాళ్లు టీవీ కట్టేస్తారు. ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ఆ ఖాతాను వాళ్ల చేతిలో ఉండే ఫోన్ నంబరుకు మార్చండి. వాడని యాప్‌లు తీసేసి, ఏ యాప్‌కు ఏ నంబరో కాగితం మీద తెలుగులో రాసి టీవీ పక్కన పెట్టి వెళ్లండి.